పెద్దాయన ఫొటో దాటాక ఎడమవైపు

మన దగ్గర ఏ సభ పెట్టినా ముందు తేలేది ఫ్లెక్సీ కొలత. తేదీ, మెనూ, అసలు సభ ఎందుకన్నది ఆ తర్వాత సంగతి. ఉదాహరణకు ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల సమ్మేళనం తీసుకుందాం. ఆరేడు వందల మంది వస్తారు. గేటు పక్కన 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ లేస్తుంది. అంటే 200 చదరపు అడుగులు. అందులో ముఖ్య అతిథి నడుము దాకా ఉంటారు, సభాధ్యక్షులు భుజాల దాకా ఉంటారు, కమిటీ సభ్యులు గుండ్రటి బిళ్లల్లో తలకాయల దాకా ఉంటారు. పైన ‘స్వాగతం, సుస్వాగతం’ అని రెండుసార్లు ఉంటుంది. ఒక్కసారి పిలిస్తే గేటు బయటే నిలబడిపోతామని అనుమానం కాబోలు.

వచ్చినవాడికి కావలసిన సమాచారం నాలుగే ముక్కలు. పేరెక్కడ రాయించుకోవాలి, సంచి ఎక్కడ పెట్టుకోవాలి, బాత్రూం ఎక్కడ, భోజనం ఎక్కడ. ఈ నాలుగింటికీ ఆ 200 అడుగుల్లో చోటుండదు. తెల్లారితే సభ అనగా రాత్రి పదకొండింటికి ఎవరికో గుర్తొస్తుంది. నాలుగు ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి, సెల్లో టేపుతో గోడకు అంటిస్తారు. ఉదయం ఫ్యాను తిరగ్గానే అందులో రెండు నేల మీద ఉంటాయి.

బోర్డులు రాసేవాళ్లకు ఒక పాత లెక్క ఉంది. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తుండాలి. గేటు నుంచి కౌంటరు 60 అడుగులుంటే ఆరంగుళాల అక్షరం కావాలి. కంప్యూటరులో 72 పాయింట్లు పెట్టి ‘అంగుళం వచ్చేసింది’ అని మురిసిపోయేవాళ్లున్నారు. ఆ అంగుళం అక్షరానిది కాదు, అక్షరం కూర్చునే పెట్టెది. మన లిపిలో పైన గుడులకూ కింద వత్తులకూ చోటు వదలాలి కాబట్టి అసలు అక్షరానికి ఆ పెట్టెలో ఇంచుమించు సగం మిగులుతుంది. అంటే ఆ కాగితాన్ని ఐదడుగుల దగ్గరకు వెళ్లి చదవాలి. ఐదడుగుల దూరానికి వెళ్లాక బాత్రూం ఎక్కడుందో చెప్పడానికి కాగితం అక్కర్లేదు, ముక్కు చాలు.

ఇక ‘రిజిస్ట్రేషన్’ అన్న మాటను తీసుకోండి. అందులో ‘స’ కింద ‘ట’ వత్తు, దానికి తోడు ‘ర’ వత్తు ఉన్నాయి. డీటీపీ కుర్రాడు తెలుగు సరిగా కూర్చని సెట్టింగుతో డిజైన్ చేశాడంటే ఆ వత్తులు విడిపోయి, అక్షరాల నెత్తిన పొల్లులు మొలిచి, వరుసగా నడుస్తుంటాయి. ప్రింటుకు వెళ్లే ముందు చూసి సరిచేయడానికి కమిటీలో ఒకాయన ఉంటాడు. ఆయన చూస్తాడు కూడా. తన పేరు ముందు ‘డాక్టర్’ పడిందా లేదా అన్నదే చూస్తాడు.

సరే, కౌంటరు దొరికిందనుకుందాం. అసలు కథ అక్కడుంది. రద్దీ తగ్గించడానికి ఎవరో విదేశంలో చూసొచ్చిన పద్ధతి పెడతారు. ఇంగ్లీషు అక్షరాల ప్రకారం నాలుగు కౌంటర్లు. ఏ నుంచి ఎఫ్, జీ నుంచి ఎల్, ఎమ్ నుంచి ఆర్, ఎస్ నుంచి జెడ్. కాగితం మీద చూస్తే ఇంచుమించు సమానమైన పంపకమే. కానీ మన పేర్లను చూడండి. శ్రీనివాసులు, సత్యనారాయణలు, సుబ్రహ్మణ్యాలు, సురేశ్‌లు, సునీతలు, వెంకటేశ్వర్లు, వెంకటరమణలు, విజయలక్ష్మిలు అందరూ నాలుగో కౌంటరే. అక్కడ వరుస మెట్లు దిగి పార్కింగులోకి పోతుంటే, రెండో కౌంటరులో వలంటీరు అమ్మాయి సెల్‌ఫోనులో పెళ్లి చీరలు చూసుకుంటోంది. అరగంట నిలబడ్డ శ్రీనివాస్ కౌంటరుకు చేరాక తెలిసేదేమిటంటే, జాబితా ఇంటిపేరు ప్రకారం ఉంది. ఆయన ఇంటిపేరు ‘అ’తో మొదలవుతుంది. మొదటి కౌంటరుకు వెళ్లమంటారు. వరుసలో ఆయన వెనక నిలబడ్డ ఇంకో శ్రీనివాస్ ఇంటిపేరు ‘కో’. ఆయన రెండో కౌంటరు కోసం బయల్దేరాడు.

కాలేజీ సమ్మేళనంలో ప్రతివాడికీ తడుముకోకుండా గుర్తుండేది ఒకటుంది, చదువు పూర్తయిన సంవత్సరం. ‘1990 వరకు’, ‘1991 నుంచి 2000’ అని రాస్తే ఇంటిపేరు తగువు లేదు. ఏ బ్యాచ్‌లో ఎంతమంది వస్తున్నారో జాబితా చూసి కౌంటర్ల మధ్య గీతలు అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఆ బోర్డును బల్లకు ముందు గుడ్డ మీద అంటిస్తే మాత్రం వరుసలో ముందు నిలబడ్డవాడి వీపు తప్ప ఇంకేమీ కనబడదు. బోర్డు కింది అంచు ఏడడుగుల ఎత్తున ఉండాలి, తలల మీదుగా కనబడాలి. ఆ ఎత్తు ఫొటోలకు కేటాయించేశారన్నది వేరే సమస్య.

బాణం గుర్తుల దగ్గరకొద్దాం. పైకి చూపే బాణానికి ‘నేరుగా ముందుకు’ అని అర్థం. విమానాశ్రయంలో అది చెల్లుతుంది. ఫంక్షన్ హాల్లో మెట్ల పక్కనే ఆ బాణం పెడితే, పైకెక్కమన్నారో ముందుకు పొమ్మన్నారో బాణం వేసినవాడు కూడా చెప్పలేడు. దాని కింద ‘భోజనాలు ఫస్ట్ ఫ్లోర్’ అని రాశారు. అమెరికా నుంచి వచ్చిన బ్యాచ్ అంతా కిందే తిరుగుతోంది. వాళ్ల దగ్గర నేల అంతస్తే ఫస్ట్ ఫ్లోర్. పాపం, హాలు చుట్టూ ప్రదక్షిణ చేసి జనరేటర్ గది దాకా వెళ్లొచ్చారు. ‘భోజనాలు మెట్లెక్కి పైన’ అని రాస్తే ఏ దేశంవాడికైనా చాలు. కమిటీ దృష్టిలో మాత్రం అది హోదా తక్కువ వాక్యం.

హోదా గొడవ బాత్రూం దగ్గర పరాకాష్ఠకు చేరుతుంది. తలుపు మీద తెలుగూ ఉండదు, ఇంగ్లీషూ ఉండదు. ఒక తలుపు మీద మీసం, ఇంకో తలుపు మీద బొట్టు. బొట్టు పెట్టుకున్న మీసాల పంతులుగారు రెండింటి మధ్యా ఆగి ఆలోచిస్తుంటారు. పైగా ఆ బొమ్మ తలుపుకే అంటించారు. తలుపు లోపలికి తెరిచి ఉంచితే బొమ్మ కూడా లోపలికి పోయింది. గోడ నుంచి అడ్డంగా బయటికి పొడుచుకొచ్చేలా పలక బిగిస్తే వరండా ఆ చివర నుంచే కనబడుతుంది. ‘ఆడవారు’, ‘మగవారు’ అని రాయాలి, పక్కన అందరికీ తెలిసిన మనిషి బొమ్మ ఉండాలి, అంతే. షుగరున్న పెద్దవాళ్లకు కవిత్వం చదివే తీరిక ఉండదు.

సామాన్ల గది బోర్డు మీద రాయాల్సింది గది పేరొక్కటే కాదు. ఎప్పుడు మూస్తారో రాయాలి. ‘సామాన్లు ఇక్కడ ఇచ్చి టోకెన్ తీసుకోండి. రాత్రి 9 గంటలకు మూస్తాం. డబ్బు, నగలు, ల్యాప్‌టాప్ మీ దగ్గరే ఉంచుకోండి.’ మూడు వాక్యాలు. ఇవి లేకపోతే, తొమ్మిదిన్నరకు తాళం వేసిన తలుపు ముందు రైలు టికెట్టు పట్టుకుని నలుగురు నిలబడతారు. తాళంచెవి ఉన్న వలంటీరు అప్పటికి వేదిక మీద గ్రూపు ఫొటోలో మూడో వరుసలో ఉంటాడు.

ఈ మాటలన్నీ ఒక కమిటీ సమావేశంలో చెబితే అందరూ శ్రద్ధగా విన్నారు. కార్యదర్శిగారు రాసుకున్నారు కూడా. ‘బాగా చెప్పారండీ. ఈసారి బాత్రూం బోర్డు కూడా పెద్ద ఫ్లెక్సీయే వేయిద్దాం. అయితే దాని మీద ఎవరి ఫొటో వేద్దాం?’ అని అడిగారు. ఇద్దరు చెయ్యెత్తారు.