250 మాటల్లో నా దార్శనికత

మా మావయ్య మైకుసెట్టు మీద డాక్యుమెంటరీ తీద్దామనుకున్న రోజుకి నా దగ్గర ఒక కెమెరా, మూడు కాళ్ళకి రెండున్నర కాళ్ళున్న ట్రైపాడ్, నాలుగు నెలల ఇంటద్దె బాకీ ఉన్నాయి. అంటే డాక్యుమెంటరీ దర్శకుడికి కావలసిన అర్హతలన్నీ ఉన్నట్టే. లేనిది డబ్బొక్కటే. దానికోసం ఒక విదేశీ నిధికి దరఖాస్తు పెట్టాను.

దరఖాస్తులో గళ్ళు చాలానే ఉన్నాయి. లాగ్‌లైన్ అని ఒకటి, సినాప్సిస్ అని ఒకటి, ట్రీట్‌మెంట్, బడ్జెట్, నమూనా వీడియో లింకు. ఇవన్నీ ఒక పూటలో నింపేశాను. మిగిలింది డైరెక్టర్స్ స్టేట్‌మెంట్. 250 మాటలకు మించరాదు అని పక్కన రాసుంది. ఇంతేనా అనుకుని రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను.

తెల్లవారేసరికి 1,140 మాటలు తేలాయి. 1895లో పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి సినిమా చూపించిన దగ్గర మొదలెట్టాను. అక్కణ్ణుంచి శబ్దానికీ నిశ్శబ్దానికీ మధ్య మానవుడి నిరంతర సంఘర్షణకు వచ్చాను. తర్వాత, చిన్నప్పటినుంచీ నాకు సినిమా అంటే ఉన్న మమకారం. ఆ తర్వాత సమకాలీన సమాజం. తీసుకెళ్ళి గడిలో అతికిస్తే అది 250వ మాట దగ్గర కత్తిరించేసి మిగతాది మింగేసింది. వెతికి చూసుకుంటే మా మావయ్య నా వ్యాసంలోకి అడుగుపెట్టేది 263వ మాటతో. పాపం, గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయాడు.

మా ఆవిడకి చూపించాను. చదివి, "బాగుందండీ. ఇంతకీ ఎవరి గురించి?" అంది.

మా ఎడిటర్ అంత మర్యాదస్తుడు కాదు. ఆయన దగ్గరొక పరీక్ష ఉంది. "ఇందులో మైకుసెట్టు అని ఉన్నచోటల్లా తాబేలు అని పెట్టి చదవండి" అన్నాడు. చదివాను. "అంతరించిపోతున్న తాబేలు ద్వారా మారుతున్న గ్రామీణ జీవితాన్ని ఆవిష్కరించి, ప్రేక్షకులలో అవగాహన కల్పించడమే నా ఉద్దేశం." వాక్యానికి నలత కూడా చెయ్యలేదు. మైకుసెట్టు ఉన్నప్పటికంటే హాయిగానే ఉంది. "ఏ సినిమాకైనా అతుక్కునే వాక్యం మీ సినిమాది కాదండీ, కొట్టేయండి" అన్నాడు. కొట్టేస్తూ పోతే చివరికి నా పేరు, మా ఊరి పేరు మిగిలాయి.

రెండో చిత్తుప్రతిలో నేను తెలివి మీరాను. పెద్దల పేర్లు వేస్తే బరువొస్తుందని, "జపాన్ దర్శకుడు ఓజు మాదిరిగా కెమెరాని నేలకు దగ్గరగా ఉంచి తీస్తాను" అని రాశాను. ఓజు నిజంగానే చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తుకో, ఇంకా కిందకో కెమెరా దించి తీసేవాడు. నేను కిందకి దించడానికి కారణం మాత్రం ట్రైపాడ్‌కి విరిగిన కాలు. ఆ మాట రాయలేదనుకోండి. దాంతోపాటు "నేపథ్య సంగీతం ఉండదు, ఆడంబరాలు ఉండవు, ఉన్నది ఉన్నట్టు" అని గంభీరంగా ముగించి పంపేశాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఇలాంటి నిధులవాళ్ళు కాదన్నప్పుడు కారణం చెప్పడం అరుదు. వీళ్ళు ఒక్క వాక్యం చెప్పారు: స్టేట్‌మెంట్‌లో ఒక సినిమా, నమూనా వీడియోలో మరో సినిమా కనబడ్డాయి అని. నమూనా తెరిచి చూసుకున్నాను. డ్రోన్ మీద నుంచి కొబ్బరితోటలు, కింద వేణువు. ఆడంబరాలు ఉండవని రాసిన చేత్తోనే మేనల్లుడి పెళ్ళి వీడియోలోంచి డ్రోన్ షాటు తెచ్చి అతికించాను. స్టేట్‌మెంటుని ఎవరూ విడిగా చదవరు. ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను వీడియో మీద పెట్టి, ఈ మనిషి చెప్పింది చేస్తాడా అని చూస్తారు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఈలోగా మావయ్య దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. షూటింగుకని రెండు రోజులు ఆయన సెట్టు వేయించాను, దానికి బిల్లు. చుట్టరికం చుట్టరికమే, అద్దె అద్దే. తెల్ల కాగితం మీద నీలం సిరాతో ఇలా ఉంది: "గొట్టాలు రెండు, ఒకటి చర్చి వైపు, ఒకటి చెరువు వైపు. వైరు 200 గజాలు. ఆంప్లిఫయరు ఒకటి. చెట్టు ఎక్కినందుకు విడిగా. ఎడమ చెవి పనిచేయదు కాబట్టి కుర్రాడు ఒకడు, సౌండు సరిపోయిందో లేదో చెప్పడానికి."

ఎడిటర్ అది రెండుసార్లు చదివి, "మీరు రాయాల్సింది ఇదేనండీ" అన్నాడు.

నాకు కోపం వచ్చింది గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నలభయ్యేళ్ళు గొట్టాల కింద నిలబడి ఊరందరికీ వినిపించినవాడికి సగం వినిపించదు. తన గొంతు ఊళ్ళో ఎలా మోగుతోందో తెలుసుకోవడానికి ఇంకొకణ్ణి కూలికి పెట్టుకున్నాడు. ఇది నా సినిమా. మరి నేను లూమియేర్ల దగ్గరికి ఎందుకు వెళ్ళినట్టు?

ఇక మళ్ళీ దరఖాస్తు పెట్టడానికి మూడో చిత్తుప్రతి. సినాప్సిస్ అంటే ఏం జరుగుతుందో చెప్పేది. ట్రీట్‌మెంట్ అంటే తెర మీద ఏం కనబడుతుందో, ఏం వినబడుతుందో చెప్పేది. స్టేట్‌మెంట్ అంటే అది అలాగే ఎందుకు ఉండాలి, దాన్ని నువ్వే ఎందుకు తీయాలి అన్నది. నేను మొదటిసారి ఒకే పేరాని మొదటి రెండు గళ్ళలోనూ వేశాను. రెండుసార్లు అదే చదివిన ఆ మహానుభావుడెవరో, ఆయనకి నా నమస్కారం.

అలాగే ఎందుకు ఉండాలి అన్నదానికి జవాబు పొలం గట్టు మీద దొరికింది. మావయ్య శ్రీరామనవమి పందిట్లో మైకు పరీక్షిస్తున్నాడు. నేను కాలవ అవతల నుంచి జూమ్ లెన్సుతో తీస్తున్నాను. ఆయన అరచేత్తో మైకు మీద కొట్టాడు. కొట్టిన చెయ్యి దించేశాడు. అప్పుడు వచ్చింది నాకు 'ఠప్' అని. మన ఎండల్లో శబ్దం సెకనుకి దాదాపు 350 మీటర్లు పోతుంది. నేనున్నది సుమారు 700 మీటర్ల దూరంలో. అంటే ఆయన చేసింది నన్ను చేరడానికి రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో ఆయన ఇంకో పనిలో పడిపోయాడు. ఊరికి వినబడేటప్పటికి ఆయన అక్కడ లేడు.

వెంటనే ఇంటికి పోయి రాశాను. ఈసారి ఇలా వచ్చింది:

"మా మావయ్య మైకు వేస్తే ఊరంతా వింటుంది, ఆయన మాత్రం సగమే వింటాడు. అందుకే ఈ సినిమాలో ఆయన్ని రెండు దూరాల నుంచి చూస్తాం. దూరం నుంచి తీసినప్పుడు శబ్దాన్ని కెమెరా దగ్గరే రికార్డు చేస్తాను. అది ఆలస్యంగా వస్తే ఆలస్యంగానే ఉంచుతాను. దగ్గర నుంచి తీసినప్పుడు కెమెరా చాప ఎత్తులో ఉంటుంది, ఎందుకంటే ఆయన ఆంప్లిఫయరు ముందు కింద కూర్చుని పనిచేస్తాడు, నిలబడి తీస్తే బట్టతల తప్ప ఏమీ కనబడదు. ఆయన చెవి గురించి ఎవరి చేతా చెప్పించను. సౌండు ఎలా ఉందని ఆయన కుర్రాణ్ణి అడగడం మీరే వింటారు."

ఓజు పోయాడు, బట్టతల వచ్చింది. కెమెరా ఎత్తు మాత్రం మారలేదు.

కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కొత్త నమూనా పంపే ముందురోజు రాత్రి చివరిసారి చూసుకుంటే, మావయ్య చెయ్యి మైకుకి తగలడం, 'ఠప్' మోగడం ఒకేసారి. రెండు సెకన్లూ మాయం. ఎడిటర్‌కి ఫోన్ చేశాను. "సింక్ పోయిందండీ, సరిచేశాను" అన్నాడు గర్వంగా. చప్పుడు జరిపి బొమ్మకి కలపడం ఎడిటర్లకి చొక్కా గుండీ పెట్టుకోవడమంత అలవాటు. నా దార్శనికత మొత్తాన్ని ఆయన ఎడమచేత్తో సరిచేసి పారేశాడు. స్టేట్‌మెంట్ జ్యూరీకి రాస్తామనుకుంటాం గానీ, ముందు ఎడిటర్‌కీ సౌండ్ మిక్సర్‌కీ చెరొక ప్రతి ఇవ్వాలి. నేను దాన్ని ప్రింటు తీసి ఆయన గోడకి అంటించి వచ్చాను.

ఇంకో చిక్కు ఉంది. నిధికి రాసేటప్పుడు సినిమా ఇంకా లేదు కనక అంతా 'చేస్తాను, ఉంచుతాను' అని భవిష్యత్తులో నడుస్తుంది. వాళ్ళ దృష్టిలో ఆ కాగితమే సినిమా. తీరా సినిమా పూర్తయి ఫెస్టివల్‌కి పంపేటప్పుడు అదే కాగితం పంపిస్తే, చూసినాయన "ఎప్పుడు ఉంచుతావు నాయనా, సినిమా అయిపోయింది కదా" అనుకుంటాడు. అప్పుడు 'చేశాను' అని రాయాలి. చేయలేకపోయినవి తీసేయాలి కూడా. మా స్నేహితుడొకడు తన 20 నిమిషాల సినిమాకి, ఫలానా వర్షాకాలం మొత్తం తీస్తాను అన్న పాత స్టేట్‌మెంట్ అలాగే పంపాడు. సినిమాలో ఒక్క చినుకు లేదు.

నువ్వే ఎందుకు తీయాలి అన్న ప్రశ్నకి నేను "ఆయన నా మేనమామ" అని రాశాను. అది చాలదన్నాడు ఎడిటర్. మేనమామలు అందరికీ ఉంటారు. ఆయన ఒప్పుకున్నాడా, ఏది చూపించొద్దన్నాడు, అది రాయాలట. వెళ్ళి అడిగాను.

"మావయ్యా, నీ చెవి సంగతి సినిమాలో పెడుతున్నాను. నీకేం అభ్యంతరం లేదుగా?"

"ఏంట్రా?" అన్నాడు.

కుడివైపుకి వెళ్ళి మళ్ళీ అడిగాను.

"ఊరందరికీ తెలిసిందే కదరా, పెట్టుకో. డీజే బాక్సులోళ్ళ పక్కన మాత్రం నన్ను నిలబెట్టకు. వాళ్ళ ముందు నా గొట్టాలు చిన్నగా కనబడతాయి" అన్నాడు.

ఆ షాటు నా దగ్గర ఉంది. చాలా బాగుంటుంది. తీసేశాను. తీసేశానని స్టేట్‌మెంట్‌లో రాశాను. చివరి 38 మాటలు దానికే పోయాయి. లెక్క చూస్తే మొత్తం 249.

దరఖాస్తు వెళ్ళింది. ఫలితం ఇంకా రాలేదు. మావయ్య బిల్లు మాత్రం ఇంకోసారి వచ్చింది. ఈసారి కింద ఒక వరుస ఎక్కువ ఉంది: "చెవి గురించి చెప్పినందుకు విడిగా."