సున్నాను దాచిపెట్టే పద్ధతి

రేపు ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. ఇవాళ బైండింగ్ షాపు మూసేలోగా పనైపోవాలి. కంగారు పడకండి, మా పెసర మొక్కల ప్రాజెక్టునే నమూనాగా పెట్టుకోండి. పది కప్పులకు మామూలు నీళ్లు పోశాం, ఇంకో పది కప్పులకు వర్మీవాష్ కలిపిన నీళ్లు. పదో రోజున స్కేలు పెట్టి కొలిస్తే నీళ్ల మొక్కల సగటు ఎత్తు 14.0 సెంటీమీటర్లు, వర్మీవాష్ మొక్కలది 15.2. తేడా 1.2. రెండు గుంపుల్లోనూ స్టాండర్డ్ డీవియేషన్ 1.5. వర్మీవాష్‌ని సంజీవని చేసేయడానికి ఈ సరుకు చాలు.

1. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌ని గడప దాటనివ్వకండి. మన తేడాకి 95 శాతం ఇంటర్వెల్ లెక్కగడితే −0.21 నుంచి 2.61 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మధ్యలో సున్నా కూర్చునుంది, చూశారా? వర్మీవాష్ వల్ల మొక్క రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ పెరిగి ఉండొచ్చు, ఏమీ పెరక్కపోయి ఉండొచ్చు, కాస్త గిడసబారినా బారి ఉండొచ్చు, పదేసి కప్పులతో ఇంతకన్నా తేల్చలేం అని ఉన్నదున్నట్టు వాగేస్తుంది. పైగా సెంటీమీటర్లలో చెబుతుంది కాబట్టి వీధి చివర నర్సరీ ఆయనకి కూడా అర్థమైపోతుంది. పి-వాల్యూకి ఈ రోగం లేదు. తేడా ఎంత, ఎటువైపు అన్నది చెప్పకుండా ఒక్క అంకె పడేసి ఊరుకుంటుంది. చోటు దానికే ఇవ్వండి.

2. ఆ అంకెకి అర్థం మీరే ఇవ్వండి. మనకొచ్చింది 0.09. దాని అసలు అర్థం ఇదీ: వర్మీవాష్‌కి ఏ ప్రభావమూ లేదనుకున్నా, మొక్కకీ మొక్కకీ సహజంగా ఉండే ఎగుడుదిగుళ్ల వల్లే ఇంత తేడా గానీ, ఎటువైపైనా ఇంతకన్నా పెద్దది గానీ కనిపించే అవకాశం నూటికి తొమ్మిది. ఇంత పొడుగు వాక్యం ఎవరు టైపు చేస్తారు? నూట్లోంచి తొమ్మిది తీసేసి "వర్మీవాష్ పనిచేస్తుందనడానికి 91 శాతం ఆధారం" అని రాసేయండి. ప్రభావం లేదనుకుని మొదలుపెట్టిన లెక్క, ప్రభావం ఉండే అవకాశాన్ని ఎలా చెబుతుందని అడిగేవాళ్లు క్లాసుకి ఒకరుంటారు. వాళ్లని మీ బ్యాచ్‌లో చేర్చుకోకండి.

3. మనకొచ్చిన 0.09, 0.05 గీత కిందికి రాలేదని దిగులు పడకండి. ఎక్సెల్‌లో మీరు కొట్టింది ఇదే కదా:

```
=T.TEST(B2:B11,C2:C11,2,2)
```

మూడో స్థానంలో ఉన్న 2ని 1 చేయండి. ఎంటర్ నొక్కండి. 0.045! ఒక్క మొక్క కూడా వెంట్రుకవాసి పెరగలేదు, ఫలితం మాత్రం పాసైపోయింది. అక్కడ 2 అంటే ఎత్తు పెరిగినా తగ్గినా రెండువైపులా లెక్కలోకి తీసుకుంటానని. 1 అంటే ఒక్కవైపే చూస్తానని, అదీ విత్తనం నాటకముందే మాటిచ్చినట్టు. మాట ఎప్పుడిచ్చారో ఎక్సెల్ అడగదు. అందుకే అదంటే నాకు అంత ఇష్టం.

4. బొమ్మలో ఎర్రర్ బార్‌కి అన్నిటికన్నా పొట్టిదాన్ని ఎంచుకోండి. ఒక్కో సగటుకి 95 శాతం ఇంటర్వెల్ గీస్తే అటూ ఇటూ 1.07 పోతుంది, రెండు బార్లూ ఒకదాని మీదికొకటి ఎక్కేస్తాయి. స్టాండర్డ్ ఎర్రర్ అయితే 0.47 మాత్రమే. కింది బార్ 14.47 దగ్గర ఆగుతుంది, పైది 14.73 దగ్గర మొదలవుతుంది, మధ్యలో చక్కగా ఖాళీ. బార్లు తగల్లేదు కాబట్టి తేడా ఖాయమనిపిస్తుంది, లోపల 0.09 అలాగే ఉన్నా సరే. ఏ బార్ గీశారో బొమ్మ కింద రాయకండి, అంతే.

5. మిత్రుడి ప్రాజెక్టు "ఈ పురుగుమందు వానపాములకి హాని చేయదు" అయితే, ఇదే 0.09ని అటు తిప్పండి. 0.05 దాటింది కాబట్టి హాని లేదని తేలింది! నిజానికి తేలింది హాని లేదని కాదు, తేల్చడానికి కొలతలు చాలలేదని. ఇంటర్వెల్ వేస్తే ఆ సంగతి బయటపడుతుంది. మొదటి చిట్కా మళ్లీ చదవండి.

6. వైవాలో 0.05 ఎందుకని అడిగితే "1925లో ఫిషర్ గారు పెట్టారండీ" అనండి. వీలుగా ఉంటుందని పెట్టుకున్న గీత అని ఆయనే రాశాడన్న మాట మింగేయండి. మావాడొకడు ఇదంతా గడగడా అప్పజెప్పాడు. ఎక్స్‌టర్నల్ ఏమీ అనకుండా ప్రాక్టికల్ రికార్డు మొదటి పేజీ తిప్పారు. అక్కడ వాడి చేతిరాతే: "వర్మీవాష్ వల్ల ఎత్తులో మార్పు వస్తుందా?" పెరుగుతుందా అని కాదు, మార్పు వస్తుందా అని. "మరి ఒకవైపే ఎందుకు చూశావు బాబూ?" అన్నారాయన. వాడు ఫ్యాన్ వంక చూశాడు.

కాబట్టి బైండింగ్‌కి బయల్దేరేముందు ఆ పేజీ మీద టీ ఒలకబొయ్యండి. పాలు ఎక్కువున్న టీ అయితే మరక బాగా పడుతుంది.