24 గంటల్లో ఎరువు, మూడో రోజున కంపు

అపార్ట్‌మెంటులో వంటింటి చెత్త ఎరువుగా మారే దారులు రెండు. ఒకటి సూక్ష్మజీవుల దారి; దానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. రెండోది అమ్మకందారు దారి; అతని యంత్రానికి 24 గంటలు చాలు. మొదటి దారిలో కంపు, ఈగలు రాకుండా ఇంటివాళ్లు చూసుకోవాలి. రెండో దారిలో ఆ పనిని బ్రోచరే చూసుకుంటుంది.

ఉదాహరణకు రుద్రారం తీసుకుందాం, ముంబై హైవే మీది ఊరు. పాతకాలంలో ఇంటికో పెంటకుప్ప ఉండేది, చెత్త అందులో పడేది, ఏడాదికి ఒకసారి పొలానికి వెళ్లేది. కుప్ప కంపు కొట్టినా ఎవరూ మీటింగు పెట్టలేదు. ఫ్లాటులో పెంటకుప్పకు చోటు లేదు, మీటింగుకు ఉంది. ఒక పక్క పాశమైలారం, ఇంకాస్త అవతల బొల్లారం, కాజీపల్లి ఉన్న ఈ పారిశ్రామిక పట్టీలో ఫ్యాక్టరీల నుంచి రాత్రిపూట వచ్చే ఘాటు జనానికి కొత్త కాదు. ఆ ఘాటుకు కిటికీ మూసుకుంటే సరిపోతుందని అనుకునేవాళ్లు, మూడో అంతస్తు బాల్కనీలో అరటి తొక్క పులిసిందంటే మాత్రం వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా మేలుకుంటారు.

యంత్రానికి గిరాకీ తెచ్చినవాటిలో 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా ఉన్నాయి. అయిదు వేల చదరపు మీటర్లు మించిన గేటెడ్ కమ్యూనిటీలు, సంస్థలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టుగానో గ్యాసుగానో మార్చుకోవాలని అవి చెప్పాయి. రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చేచోట్లను భారీ ఉత్పత్తిదారులుగా లెక్కించాయి. మార్చాలన్నారే తప్ప దాచాలనలేదు. అయితే స్టిల్ట్ ఫ్లోరులో మెరుస్తూ నిలబడిన స్టీలు పెట్టె తనిఖీకి వచ్చినవారికి చూపించడానికి బాగుంటుంది. పక్కన కంపోస్టు గుంత అలా మెరవదు.

ఆ పెట్టె లోపల జరిగేది గట్టిగా చూస్తే వంటే. చెత్తను తరుగుతుంది, కలుపుతుంది, వేడి చేస్తుంది, నీటిని ఆవిరి చేసి పంపేస్తుంది. 24 గంటల తర్వాత గోధుమరంగు పొడి చేతికి వస్తుంది. సొరకాయను ఎండబెడితే ఒరుగు అవుతుంది కానీ ఎరువు కాదు. ఈ పొడి కూడా అంతే. పిండి పదార్థం, మాంసకృత్తులు, నూనె ఎక్కడివక్కడే ఉన్నాయి. సూక్ష్మజీవులు వాటిని ఇంకా ముట్టుకోలేదు, తడి లేక ఆగి ఉన్నాయి. ఈ పొడిని కుండీలో వేసి నీళ్లు పోస్తే వాటి భోజనం అప్పుడు మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో తెల్లటి బూజు పడుతుంది, కంపు లేస్తుంది, ఈగలు దిగుతాయి, మట్టిలోని నత్రజనిని కూడా సూక్ష్మజీవులే లాక్కోవడంతో మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. కంపు లేదన్న హామీ నిజమే, దానికి గడువు తేదీ రాయలేదంతే.

కరెంటు లెక్క చూద్దాం. నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఫ్లాటుకు ముప్పావు కిలో తడి చెత్త చొప్పున రోజుకు ముప్పై కిలోలు అనుకుంటే, అందులో నాలుగింట మూడు వంతులు నీరే, అంటే దాదాపు ఇరవై రెండు కిలోలు. ఒక కిలో నీటిని వేడెక్కించి ఆవిరి చేయడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు కావాలి. ఇది భౌతికశాస్త్రం పెట్టిన రేటు, డిస్కౌంటు ఉండదు. అంటే వృథా ఏమీ లేకున్నా రోజుకు పదిహేను యూనిట్లు, నెలకు నాలుగు వందల యాభై. నిజమైన యంత్రం వేడిని బయటికీ వదులుతుంది కాబట్టి బిల్లు దీనికి పైనే ఉంటుంది. అంత ఖర్చుతో సాధించింది చెత్త బరువును మూడో వంతు లోపుకు తేవడం. చెత్తను లారీలో దూరం తరలించాల్సి ఉంటే అది పనికొచ్చే సేవే. దాన్ని ఆ పేరుతో అమ్మితే ఎవరికీ పేచీ ఉండదు.

పేచీ అంతా నీటి దగ్గరే ఉంది కాబట్టి, యంత్రం లేని పద్ధతి కూడా నీటి దగ్గరే మొదలవుతుంది. చెత్తకు పుట్టుకతో కంపు ఉండదు. ముక్కల మధ్య సందుల్లో గాలి ఉన్నంతసేపు దాన్ని తినే సూక్ష్మజీవులు బొగ్గుపులుసు వాయువును, ఆవిరిని వదులుతాయి. వాటికి వాసన లేదు. సందులు నీటితో నిండితే గాలి అక్కర్లేని జీవులు పని అందుకుంటాయి, కంపు వాటి ఉత్పత్తి. తడి అరవై శాతం మించకుండా ఉంటే సందులు తెరిచి ఉంటాయి. వంటింటి చెత్తలో డెబ్భై అయిదు శాతం ఉంటుంది కాబట్టి, కిలో చెత్తకు బాగా ఎండిన ఆకులు మూడు వందల గ్రాములు కలిస్తే మొత్తం అరవైకి దిగుతుంది. పుచ్చకాయ తొక్కల కాలంలో తడి ఎనభైకి పెరిగితే నాలుగు వందలు కావాలి. ఎండుటాకులు తేలిక, కాబట్టి మూడు వందల గ్రాములంటే చెత్త ఉన్న గిన్నెకు రెండింతల పరిమాణం. కిట్టుతో వచ్చే పిడికెడు పొడిని పైన చల్లితే చాలన్న మాటకు అది జవాబు. ఆ పొడిలో సూక్ష్మజీవులు ఉంటాయి, నిజమే; చెత్తలో అవి ముందే లెక్కలేనన్ని ఉన్నాయి. వాటికి లేనిది గాలి.

ఎండుటాకులకు బదులుగా వేసే కొబ్బరి పొట్టు దిమ్మెల విషయంలో జరిగే తతంగం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అయిదు కిలోల దిమ్మెను బకెట్లకు బకెట్లు నీళ్లలో నానబెట్టమని మీద రాసి ఉంటుంది. అది కుండీల్లో మొక్కలు నాటేవారికి రాసింది. శ్రద్ధ గలవారు దాన్ని అక్షరాలా పాటించి, ఉబ్బిన పొట్టును కంపోస్టు బుట్టలో వేస్తారు. తడి పీల్చాలని తెచ్చిన వస్తువుకు ముందే కడుపు నిండా నీళ్లు తాగించి లోపలికి పంపడం అన్నమాట. దిమ్మెను పొడిగానే విరిచి వాడాలి. అసలు రుద్రారంలో దిమ్మె కొనడమే కొంత విడ్డూరం: గణేశ్ గడ్డ గుడి దగ్గర కొట్టే కొబ్బరికాయల పీచు, చెట్ల కింద రాలే ఆకులు ఊళ్లోనే దొరుకుతాయి, పీచును కత్తిరించి వేస్తే చాలు. రంపపు పొట్టు కూడా పనికొస్తుంది, కానీ ప్యాకింగ్ పెట్టెలు చేసేచోటి నుంచి తెచ్చేవారు ఒకటి చూసుకోవాలి. ప్లైవుడ్ పొట్టులో జిగురు రెసిన్లు ఉంటాయి. ఎగుమతి ప్యాలెట్ల మీద హెచ్‌టీ అనే ముద్ర ఉంటే కర్రను వేడితో శుద్ధి చేశారని, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పెట్టారని అర్థం. రెండోదాన్ని వదిలేయడం మేలు.

బుట్ట ఏర్పాటు పెద్ద విద్యేమీ కాదు. అడుగున, పక్కల రంధ్రాలున్న ఇరవై లీటర్ల బకెట్లు రెండు, కింద పళ్లెం, అడుగున నాలుగు వేళ్ల మందాన పీచు. రోజూ చెత్తను చిన్న ముక్కలు చేసి, నీరు వార్చి, ఎండుటాకులతో కలిపి వేయాలి. పైన రెండు వేళ్ల మందం పొడి పొర కప్పాలి. మూడు నాలుగు రోజులకొకసారి అడుగు దాకా తిప్పాలి. నిండిన బకెట్‌ను పక్కనపెట్టి రెండోది మొదలుపెట్టాలి. రోజుకు కిలో చెత్త వచ్చే ఇంటికి ఇవి చాలవు, మరో రెండు కావాలి. చిన్న బకెట్‌లో వేడి నిలవదు కాబట్టి పెద్ద కుప్పల్లో వచ్చే 55 డిగ్రీలు ఇక్కడ రావు. కలుపు గింజలు, జబ్బు క్రిములు చావవని దీనర్థం. అందుకే ఆదివారం బొక్కలు, చేపముళ్లు, పెంపుడు కుక్క మలం ఇందులోకి రాకూడదు.

పొరపాటును ముక్కు చెబుతుంది, మూడు రకాలుగా. కోడిగుడ్డు కుళ్లినట్టుంటే గాలి అందడం లేదు: తిప్పి, పీచు కలపాలి. వాంతిలాంటి పులుపైతే అన్నం, పండ్లు ముద్దగా పడ్డాయి: ముద్దను విడగొట్టి ఆకులు వేయాలి. కళ్లు మండే అమ్మోనియా ఘాటు వస్తే పప్పు వంటి నత్రజని సరుకు ఎక్కువైంది: కర్బనం ఉన్న ఆకులు, పొట్టు పెంచాలి. ఈ మూడింటికీ ఒకే మందుగా ఫినాయిలు పోసే ఆచారం ఒకటుంది. దాంతో కంపు తగ్గిన మాట నిజమే, పని చేసే సూక్ష్మజీవులు చచ్చాక బుట్ట మామూలు చెత్తబుట్టే కాబట్టి.

ఈగల సంగతికొస్తే, మూత ఎంత బిగించినా పండు ఈగలు వస్తాయి. గుడ్లు అరటి తొక్క మీదే మార్కెట్ నుంచి ఇంటికి చేరతాయి. వెచ్చని వాతావరణంలో పది రోజుల లోపే గుడ్డు ఈగ అవుతుంది. పొడి పొర లోతుగా కప్పితే పుట్టినవి పైకి రాలేవు, కొత్తవి కిందికి వెళ్లలేవు. రంధ్రాలకు సన్నని గుడ్డ కట్టాలి. వానాకాలంలో బుట్టలో బలిసిన, గోధుమరంగుకు తిరిగే పురుగులు కనిపిస్తే అవి సాధారణంగా నల్ల సైనిక ఈగ పిల్లలు. చెత్తను సూక్ష్మజీవుల కంటే వేగంగా తింటాయి. పెద్ద ఈగలు కుట్టవు, అన్నం మీద వాలవు. లిఫ్టులో ఒకటి కనబడితే అసోసియేషన్ అత్యవసర సమావేశం పెడుతుంది, అది వేరే సంగతి. ఈ పురుగులు వచ్చాయంటే తడి ఎక్కువైందని అర్థం.

జపాన్‌లో ఒకినావాలోని ర్యుక్యు విశ్వవిద్యాలయానికి చెందిన తెరువో హిగా ప్రచారంలోకి తెచ్చిన సూక్ష్మజీవుల మిశ్రమంతో చేసే బొకాషీకి కూడా ఇక్కడ కొనేవాళ్లున్నారు. గాలి చొరని బకెట్‌లో, మిశ్రమం పట్టించిన తవుడుతో చెత్తను పులియబెడతారు. ఈగలు రావు, ఊరగాయ పులుపు తప్ప కంపూ ఉండదు. మాంసం కూడా వేయవచ్చు. కానీ పదిహేను రోజుల తర్వాత వచ్చేది పులిసిన చెత్త. దాన్ని మట్టిలో కప్పి మరో రెండు వారాలైనా ఉంచాలి. మట్టి లేకనే బొకాషీ కొన్న పదో అంతస్తు వాసికి ఆ సంగతి చివరి పేజీలో తెలుస్తుంది.

ఎరువు తయారైందో లేదో చెప్పే పరీక్షకు యంత్రం అక్కర్లేదు. గుప్పెడు తీసి తడిపి, ప్లాస్టిక్ కవర్‌లో మూటగట్టి వారం రోజులు వదిలేయాలి. విప్పినప్పుడు వాన పడ్డ మట్టి వాసన వస్తే సిద్ధమైంది. పుల్లగా, కుళ్లినట్టు ఉంటే కాలేదు. నగర చెత్త నుంచి వచ్చే కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పెట్టిన ప్రమాణం కూడా ఇదే కోరుతుంది: దుర్వాసన ఉండరాదు, కర్బనం నత్రజనికి ఇరవై రెట్లకు మించరాదు. 24 గంటల పొడిని ఈ మూటలో కట్టి చూపమని అమ్మకందారును అడగవచ్చు. మూట విప్పే రోజు డెమో పెట్టమంటే వాళ్లు సాధారణంగా ఫోను ఎత్తరు. మూట పరీక్షలో నెగ్గినదాన్ని ఒక పాలుకు మూడు పాళ్ల మట్టి కలిపి కుండీల్లో వాడుకోవాలి.