కుదుళ్లతో మొదలుపెట్టే అక్క

కుదుళ్లతో మొదలుపెట్టే అక్క దాదాపు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒకతె ఉంటుంది. బ్యూటీషియన్ కోర్సు చేసి ఉండదు గానీ, చేసినవాళ్లకు సలహాలు చెప్పి ఉంటుంది. కనుబొమలకు దారం పట్టడం, పెళ్లికూతుళ్లకు గోరింటాకు కోను, అత్తగారి తెల్ల వెంట్రుకలకు నెలనెలా రంగు ఆమె ఖాతాలోవే. చుట్టాల్లో ఎవరికి నిశ్చితార్థం కుదిరినా ముహూర్తం పెట్టిన పంతులుగారి తర్వాత ఫోన్ వచ్చేది ఆమెకే. నల్లజుట్టును కారామెల్ రంగులోకి మార్చుకునే ఫ్యాషన్ వచ్చాక ఆమె విద్యల్లో బ్లీచింగు కూడా చేరింది. మిగతా విద్యలన్నిటిలో ఆమెకు పేరు తెచ్చిన అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది.

ఆ అలవాటు తప్పుడుది కాదు. తలకు నూనె పెట్టేటప్పుడు మాడుకు పట్టించాకే జడ దాకా వస్తారు. గోరింటాకు ముద్దా అంతే. తెల్లవెంట్రుకల రంగు సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలుపు బయటపడేది కుదుళ్ల దగ్గరే కనుక బ్రష్ ముందు అక్కడికే వెళ్లాలి. ఇరవై ఏళ్లుగా పాపిట తీసి, కుదురు మీద బ్రష్ ఆనించి, దువ్వెనతో చివరిదాకా లాగిన చెయ్యి అది. బ్లీచ్ గిన్నె ముందు కూర్చున్నా ఆ చెయ్యి పాపిట దగ్గరికే పోతుంది.

బ్లీచ్ పని వేరు. రంగు జుట్టులోకి ఏదో చేరుస్తుంది. బ్లీచ్ ఉన్నదాన్ని తీసేస్తుంది. పార్లర్లలో వాడే బ్లీచ్ పౌడర్‌లో పర్‌సల్ఫేట్ లవణాలు, క్షారగుణం ఉన్న పదార్థాలు ఉంటాయి. దాన్ని డెవలపర్‌తో, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీముతో కలుపుతారు. డబ్బా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అందులో పెరాక్సైడ్ 6 శాతం. క్షారం వెంట్రుక పైపొరను ఉబ్బించి దారి ఇస్తుంది. పెరాక్సైడ్, పర్‌సల్ఫేట్ లోపలికి వెళ్లి నలుపునిచ్చే మెలనిన్‌ను ఆక్సీకరించి విరగ్గొడతాయి. నలుపు ఒక్కసారిగా తెల్లబడదు. ముదురు గోధుమ, ఎర్రటి గోధుమ, నారింజ, పసుపు కలిసిన నారింజ, పసుపు అనే మెట్లు ఒక్కొక్కటిగా దిగుతుంది. కారామెల్ కావాలంటే నారింజకూ పసుపుకూ మధ్య ఎక్కడో ఆపి, పైన టోనర్ వేస్తే చాలు. మెట్లు దిగడం అందరికీ ఒకటే. దిగే వేగమే ఒక తల మీద అన్నిచోట్లా ఒకటి కాదు.

ఆ తేడాకు కారణం మాడు వేడి. రసాయన చర్యలు వేడికి వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందనేది చాలా చర్యలకు వర్తించే ఉజ్జాయింపు లెక్క. మాడు చర్మం సుమారు 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనంలో ఉంటుంది. ఏసీ 24లో పెట్టిన గదిలో భుజం మీద వేలాడే చివర్లు ఆ గది చల్లదనంలోనే ఉంటాయి. ఒకే గిన్నెలోని ఒకే ముద్ద ఒక కొసన త్వరగానూ, ఇంకో కొసన నింపాదిగానూ పనిచేస్తుంది. పెనం మధ్యలో దోసె మాడుతుంటే అంచులు ఇంకా పచ్చిగా ఉన్నట్టే. ఈ వేడి ప్రభావం వెంట్రుక పొడవునా పాకదు. మాడుకు ఆనుకుని ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర సెంటీమీటరు దాకానే. బొటనవేలి గోరు వెడల్పు అనుకుంటే సరిపోతుంది. రచ్చంతా ఆ గోరు వెడల్పులోనే.

అక్కకు ఈ విషయంలో ఒక సిద్ధాంతం ఉంది. కుదురు దగ్గరిది కొత్త జుట్టు, గట్టిది, కాబట్టి మందు అక్కడ ఎక్కువసేపు ఉండాలంటుంది. ఇందులో సగం నిజం. మాడు దగ్గరి వెంట్రుక పైపొర చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏళ్లతరబడి ఎండ, షాంపూ, దువ్వెన తిన్న చివర్లు గుల్లబారి మందును తొందరగా పీల్చుకుంటాయి. కత్తిరించిన పాయను బల్ల మీద పెట్టి బ్లీచ్ పూస్తే కుదురు వైపు ముందుగా తేలదు. అదే పాయ తల మీద ఉన్నప్పుడు మాడు వేడి ఆ గట్టిదనాన్ని మించిపోతుంది. అక్క సిద్ధాంతం బల్ల మీది జుట్టుకు పనికొస్తుంది. తల ఉన్న మనుషులకే ఇబ్బంది.

ఒక ఆదివారం మేనకోడలి తల విషయంలో ఇది ఎలా నడుస్తుందో చూడవచ్చు. భుజాలు దాటిన నల్లజుట్టు, ఇంతకుముందు రంగు పడలేదు. అక్క పాపిట తీసి కుదుళ్లకు పూస్తూ, దువ్వెనతో కిందికి లాగుతూ తల మొత్తం ముగిస్తుంది. దానికే అరగంట పడుతుంది. పైన షవర్ క్యాప్ తొడుగుతుంది, అది మాడు వేడిని పట్టి ఉంచుతుంది. చాలదన్నట్టు హెయిర్ డ్రయర్ కూడా ఆన్ చేస్తుంది. "మండుతోంది అత్తా" అంటుంది పిల్ల. "మండితేనే పట్టినట్టు, కదలకు" అంటుంది అక్క. కాస్త చురచురలాడడం వేరు, మంట వేరు. మంటగా ఉంటే ఆ నిమిషమే చల్లటి నీళ్లతో కడిగేయాలి, అది మందు పట్టిన గుర్తు కాదు, చర్మం కాలుతున్న గుర్తు. క్యాప్ తీసేసరికి పాపిట చుట్టూ గోరు వెడల్పున పచ్చటి పసుపు, దాని కింద నారింజ, ఇంకా కింద ఇటుక రంగు. పార్లర్ భాషలో దీని పేరు హాట్ రూట్స్. బాల్కనీలోకి వచ్చిన వెలుగులో చూసి అక్క "ఇప్పుడిదే ట్రెండ్" అంటుంది. ఆ ట్రెండ్ నిజంగానే ఉంది, కాకపోతే తలకిందులుగా. ఫ్యాషన్‌గా వేసేదాంట్లో కుదుళ్లు ముదురుగానూ చివర్లు లేతగానూ ఉంటాయి.

అదే తల పార్లర్లో పడితే వరుస మారుతుంది. పని తెలిసినామె జుట్టును నాలుగు భాగాలుగా విడదీసి క్లిప్పులు పెడుతుంది. మెడ వెనక నుంచి మొదలుపెట్టి, అరసెంటీమీటరు మందం మించని పాయలు తీస్తూ, మాడు నుంచి ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు వదిలేసి, నడిమి భాగానికి పూస్తుంది. చివర్లు గుల్లబారి ఉంటే వాటికి కాస్త ఆగి పూస్తుంది. కుదుళ్లు నల్లగా, శుభ్రంగా, మందు తగలకుండా అలాగే ఉండాలి. అది చూసినప్పుడు అక్క లాంటివాళ్లకు చేతులు ఆగవు. అసలు పని వదిలేసి అంచులకు సున్నం వేస్తున్నారన్న బాధ వాళ్లది.

ఇక మిగిలింది గడియారం కాదు, రంగు చూడడం. పది నిమిషాలకోసారి ఒక పాయ మీది మందును తడిగుడ్డతో తుడిచి చూస్తారు. ముద్ద కింద జుట్టు అసలు రంగు తెలియదు కనుక తుడిచి చూడడం తప్పదు. నడిమి భాగం నారింజకు చేరిందంటే దారి చాలావరకు గడిచింది. అక్కడికి పాతిక నిమిషాలు పట్టవచ్చు, ఇంకా ఎక్కువా పట్టవచ్చు. అప్పుడు కుదుళ్ల కోసం కొత్తగా ఇంకో గిన్నె కలుపుతారు. మొదటి గిన్నెలో మిగిలినది అప్పటికే బలం కోల్పోతుంటుంది. మాడుకు తగిలే మందు కాబట్టి డెవలపర్ 20 వాల్యూమ్ దాటనివ్వరు. మెడ వెనక నుంచి అదే వరుసలో, ఈసారి గబగబా పూస్తారు. కుదుళ్లు వేడి బలంతో పదిహేను ఇరవై నిమిషాల్లో మిగతా జుట్టును అందుకుంటాయి. మొత్తం ఒకే రంగుకు వచ్చినప్పుడు కడిగేస్తారు. డబ్బా మీద రాసిన గరిష్ఠ సమయం ముందే అయిపోతే, రంగు రాకున్నా కడిగేయాల్సిందే. తడి వెంట్రుకను మెల్లగా లాగినప్పుడు జిగురులా సాగి వెనక్కి రాకపోతే గడువు దాకా కూడా ఆగకూడదు.

గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో చివర్లూ మాడంత వెచ్చగానే ఉంటాయి. కుదుళ్లకూ చివర్లకూ తేడా తగ్గుతుంది. అక్క ఏ రెండుసార్లో గట్టెక్కిందంటే కారణం ఇదే కావచ్చు, ఆమె మాత్రం హస్తవాసి అంటుంది. పైగా ఆ ఎండకు ముద్ద ఎండిపోతుంది, ఎండిన బ్లీచ్ పనిచేయదు.

నాలుగు నెలలయ్యాక రెండో అంకం. జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరుకు పైగా పెరుగుతుంది కనుక అప్పటికి నాలుగైదు సెంటీమీటర్ల నలుపు తేలి ఉంటుంది. పని తెలిసినవాళ్లు ఇందులోనూ రెండు ముక్కలు చూస్తారు. మాడుకు ఆనుకున్న ఒకటిన్నర సెంటీమీటరు వేడి పట్టీ. దానికి అవతలి మూడు సెంటీమీటర్లకు ఆ వేడి అందదు. ముందు అవతలి భాగానికి పూసి, అది ఎర్రబారి నారింజకు తిరిగాక మాడు పక్కన ఉన్నదానికి పూస్తారు. మొత్తం ఒకేసారి పూస్తే మధ్యలో నారింజ పట్టీ మిగులుతుంది. పెరిగింది సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరే అయితే ఈ గొడవ లేదు. అంతా వేడి పట్టీలోనే ఉంది కాబట్టి ఒకే దఫాలో అయిపోతుంది. అందుకే పార్లర్ వాళ్లు నెలా నెలన్నరకే రమ్మంటారు. అది డబ్బు కోసమేనని అక్క చెబుతుంది. డబ్బు కోసం కూడా అన్నది నిజమే. ఏ పద్ధతిలోనైనా ఇంతకుముందు బ్లీచ్ అయిన జుట్టు మీదికి మందు పాకకూడదు. "సమానంగా ఉండాలిగా" అంటూ అక్క చివరిదాకా లాగిన దువ్వెనకు, పాతా కొత్తా కలిసే గీత దగ్గర వెంట్రుకలు పుటుక్కున తెగి వస్తాయి.

కుదుళ్లు ముందే పసుపెక్కాక దిద్దుబాటుకు దారులు తక్కువ. ఎక్కువగా తేలిన చోట మళ్లీ బ్లీచ్ వేయడానికి లేదు. జుట్టులో బలం ఉంటే, కొన్నాళ్లు ఆగి, వెనకబడ్డ నారింజ భాగానికి మాత్రమే పూసి దాన్ని పైకి తేవచ్చు. లేదా పసుపెక్కిన కుదుళ్లకే ఒకటి రెండు మెట్లు ముదురైన రంగు వేసి మిగతాదానితో కలపవచ్చు. ఈ రెండో దారి తేలిక, జుట్టుకు హాని తక్కువ. అందులో రంగును నేరుగా కుదుళ్ల మీద పెట్టి, గోరు వెడల్పు దాటకుండా ఆపాలి. ఇంతసేపటికి కుదుళ్లతో మొదలుపెట్టాల్సిన పని ఒకటి అక్కకు దొరుకుతుంది. ఆమె అప్పటికే పార్లర్ వాళ్లను చూసి నేర్చుకుని ఉంటుంది కనుక, ఈసారి కుదుళ్లను జాగ్రత్తగా వదిలేసి చివర్లకు పూయడం మొదలుపెడుతుంది.