రిక్టరు గారి పన్నెండంగుళాల స్కేలు

2024 డిసెంబరు 4, బుధవారం. పొద్దున ఏడు గంటల ఇరవయ్యేడు నిమిషాలకు హైదరాబాద్‌లో, ఐదో అంతస్తులో, మా వంటింటి కొక్కేలకు వేలాడుతున్న గరిటెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. కాఫీ గ్లాసు పట్టుకుని నేను వాటి వంక చూస్తుండగానే ఆగిపోయాయి. కింద గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్‌కి ఏమీ తెలియలేదు. పై అంతస్తులవాళ్లు కొందరు మెట్లు దిగి పరిగెత్తుకొస్తుంటే నీళ్ల ట్యాంకరు వచ్చిందేమోననుకున్నాడట.

కాసేపటికి టీవీలో ఎర్రక్షరాలు పరిగెత్తాయి: "రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3గా నమోదు." వెంటనే అపార్ట్‌మెంటు గ్రూపులో ఒక పెద్దాయన ప్రకటించారు: "మన బ్లాకులో 5.3 వచ్చింది." అంతలో హనుమకొండ నుంచి బావ ఫోను. "మీకు 5.3 ఏంది బావా? మా దగ్గర గిన్నెలు గడగడలాడినయ్. ఇక్కడ ఆరుకు తక్కువ ఉండదు!" కరెంటు బిల్లులాగా ఇంటింటికీ వేరే రీడింగు వస్తుందని ఇద్దరి నమ్మకం. వాళ్లననడానికి లేదు. ఆ నమ్మకాన్ని ఏళ్ల తరబడి నూరిపోసింది ఆ ఎర్రక్షరాల వాక్యమే. అందులో అంకె ఒక్కటే నికరం. "రిక్టర్", "స్కేలుపై", "తీవ్రత" అనే మూడు మాటలూ మూడు రకాల పొరపాట్లు.

ముందు స్కేలు సంగతి. మనకు స్కేలంటే జామెట్రీ బాక్సులో ఉండే పన్నెండంగుళాల బద్ద. దాని "పై" ఏదైనా నమోదు కావాలంటే అలాంటి వస్తువొకటి ఎక్కడో గోడకు తగిలించి ఉండాలి కదా. ఈ భ్రమ మన సొత్తే కాదు. మీ స్కేలు ఒకసారి చూపించండంటూ ఏటా ఎవరో ఒకరు తన దగ్గరికి వచ్చేవాళ్లని కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టరే నవ్వుకునేవాడు. చూపించడానికి ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక లెక్క. 1935లో, సహచరుడు బేనో గుటెన్‌బర్గ్ సలహాలతో, దక్షిణ కాలిఫోర్నియా భూకంపాలను చిన్నాపెద్దా వేరు చేయడానికి వేసుకున్న లెక్క అది.

ఆ లెక్క ఎలా వేస్తారో చూద్దాం. భూకంపలేఖినిలో సూది గీసే గీతలో రెండు రాకలు కనిపిస్తాయి. మొదట వేగంగా వచ్చే తరంగం, తర్వాత నింపాదిగా, గట్టిగా ఊపే తరంగం. ఉరుముకీ మెరుపుకీ మధ్య వ్యవధిని బట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో పల్లెల్లో లెక్కగట్టినట్టే, ఈ రెండు రాకల మధ్య సెకన్లను ఎనిమిదితో గుణిస్తే దూరం ఉజ్జాయింపుగా కిలోమీటర్లలో వస్తుంది. ఇరవై నాలుగు సెకన్ల తేడా ఉంటే దాదాపు రెండు వందల కిలోమీటర్లన్నమాట. తర్వాత గీతలో అన్నిటికంటే ఎత్తైన ఊపును మిల్లీమీటర్లలో కొలుస్తారు. అది 23 ఉందనుకోండి. దూరానికి తగిన సవరణ కలిపి చూస్తే 5.0 వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపించే ఉదాహరణ ఇదే. అదే భూకంపాన్ని నలభై కిలోమీటర్ల నుంచి చూసినవాడి కాగితం మీద గీత ఇంకా ఎత్తుగా ఉంటుంది గానీ, దూరం సవరణ చేశాక అతనికీ ఐదుకు అటూ ఇటూగానే రావాలి. నాలుగైదు కేంద్రాల లెక్కలకు సగటు తీసి ఒక్క అంకె చెబుతారు. అది భూకంపం పరిమాణం. ఒక్క భూకంపానికి ఒక్కటే. మా బ్లాకుకు ఒకటి, బావ ఇంటికి ఒకటి ఉండదు.

ఆ 23 మిల్లీమీటర్లు చూసి బెదరకండి. అప్పటి యంత్రం నేల కదలికను 2,800 రెట్లు పెంచి చూపిస్తుందని లెక్క. అంటే నిజంగా నేల జరిగింది మిల్లీమీటరులో వందో వంతు కూడా లేదు. ఆ బుధవారం భూకంపం వచ్చింది ములుగు అడవుల కింద, మాకు సుమారు 220 కిలోమీటర్ల దూరంలో. కాలిఫోర్నియా సవరణ మన దక్కను రాయికి యథాతథంగా అతకదు, ఇక్కడి గట్టి నేలలో తరంగాలు అంత తొందరగా అణగవు. అయినా వాచ్‌మన్‌కి ఎందుకు తెలియలేదో, ఐదో అంతస్తులో గరిటెలకు ఎందుకు తెలిసిందో ఊహించుకోవడానికి ఆ లెక్క చాలు.

పరిమాణాన్ని పదికి ఇన్ని మార్కులని చదివేవాళ్లూ ఉన్నారు. 5.3 అంటే సగం మార్కులట, పాసైందట! పరిమాణానికి పై హద్దంటూ పెట్టలేదు. యంత్రాలు పట్టినవాటిలో అతి పెద్దది 1960లో చిలీలో వచ్చిన 9.5. కింద హద్దూ లేదు, బుల్లి కంపనాలకు మైనస్ అంకెలు కూడా వస్తాయి. ఒక మెట్టు ఎక్కితే గీత పది రెట్లు పెరుగుతుంది, బయటపడే శక్తి దాదాపు ముప్ఫై రెండు రెట్లు పెరుగుతుంది. ఇలాంటి పరీక్షలో సగం మార్కులేమిటి?

ఇక "రిక్టర్". చిన్నవాటికి, దగ్గరివాటికి ఆ వంశపు లెక్కలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. చిక్కల్లా పెద్దవాటితోనే. ఏడు దగ్గరికి వచ్చేసరికి గీత ఎత్తు ఇక పెరగనంటుంది. చిన్న గిన్నెతో చెరువు కొలిచినట్టే. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో ఈ సంగతి దేశమంతా చూసింది. మన వాతావరణ శాఖ 6.9 అన్నది. అమెరికా భూగర్భ సర్వే మొదట 7.9 అని, తర్వాత 7.7కు స్థిరపడింది. 6.9కీ 7.7కీ తేడా 0.8 కదా, దానికింత గొడవెందుకని కొందరన్నారు. ఆ 0.8 అంటే శక్తిలో పదహారు రెట్లు. ఎవరూ అబద్ధమాడలేదు, గిన్నెలే వేరు. భూకంప శాస్త్రవేత్తలు కనామొరి, హ్యాంక్స్ 1970ల చివర్లో తెచ్చిన కొత్త లెక్క గీత ఎత్తు మీద ఆధారపడదు. పగులు ఎంత వైశాల్యంలో చీలింది, రెండు పక్కలూ ఎంత జరిగాయి, రాయి ఎంత బిరుసు అన్న మూడింటినీ గుణించి వేస్తుంది. ఇవాళ పెద్ద భూకంపాలకు ప్రపంచమంతా చెప్పే అంకె దీనిదే. మన వార్తల్లో మాత్రం ఆ అంకె మెడలోనూ రిక్టరు గారి పలకే వేలాడుతోంది.

మూడోది, అన్నిటికంటే ఘోరమైనది, "తీవ్రత". శాస్త్రంలో తీవ్రత అంటే వేరే సంగతి. భూకంపం ఎంత పెద్దదన్నది కాదు, ఫలానా చోట ఎంత ఊపిందన్నది. రామనవమి పందిట్లో మైకుసెట్టు వాట్లు పెట్టె మీద రాసి ఉంటాయి, అవి మారవు. పందిరి పక్కింటివాడి చెవులు చిల్లులు పడతాయి, నాలుగు వీధుల అవతలివాడు హాయిగా నిద్రపోతాడు. వాట్లు పరిమాణం, చెవికి పడ్డ మోత తీవ్రత.

ఈ మోతకూ ఒక కొలబద్ద ఉంది. అది ఇటలీకి చెందిన మెర్కల్లీ అనే మతాచార్యుడి పేరు మీద, 1902 నుంచి ఉంది. ఇప్పుడు దానికి పన్నెండు మెట్లు. అంటే పన్నెండంగుళాల స్కేలు అసలంటూ ఉంటే అది రిక్టరుది కాదు, మెర్కల్లీది! మన దేశంలో ఎక్కువగా దాని బంధువైన 1964 నాటి ఎం.ఎస్.కె. పట్టికను వాడుతూ వచ్చారు. అంకెలు రోమన్‌లో రాస్తారు, పరిమాణంతో కలిసిపోకుండా ఉండాలని. పాయింట్లు ఉండవు. తీవ్రత V కావచ్చు, VI కావచ్చు, 5.3 మాత్రం కాదు. పాయింటు కనిపించిందంటే అది తీవ్రత కాదని పదో తరగతి పిల్లాడు కూడా పట్టేయొచ్చు.

దీన్ని సంప్రదాయంగా కొలిచింది యంత్రంతో కాదు, జనంతో. భూకంపం ఆగాక మనుషులు ఊరూరా తిరిగి అడుగుతారు: నిద్రలో ఉన్నవాళ్లు లేచారా? గిన్నెలు మోగాయా, పడ్డాయా? బయటికి పరిగెత్తారా? పెచ్చులు రాలాయా? గోడలు ఏ రకం, మట్టివా, సిమెంటువా? అమెరికా సర్వే 1999 నుంచి ఈ ప్రశ్నలనే ఇంటర్నెట్లో అడుగుతోంది. పై అంతస్తుల్లోనే కొందరికి తెలిసి, వేలాడే వస్తువులు ఊగితే మూడో మెట్టు. గిన్నెలు, కిటికీలు గడగడలాడితే నాలుగు. అందరికీ తెలిసి, చాలామంది భయపడి బయటికొచ్చి, అక్కడక్కడా పెచ్చులు రాలితే ఆరు. మా గరిటెలది మూడు, బావ గిన్నెలది నాలుగు. ఆరుకు తక్కువ ఉండదని ఆయన పట్టుబడితే రాలిన పెచ్చులు చూపించాలి. ఇందులోనూ ఒక కిటుకుంది. ఒక్క ఇంటి మాట నమ్మి ఊరికి మెట్టు ఇవ్వరు, పై అంతస్తులవాళ్ల మాటకు కాస్త తరుగు తీస్తారు. ఐదో అంతస్తు ఎప్పుడూ ఎక్కువ చెబుతుంది.

పరిమాణానికీ తీవ్రతకూ ఎంత దూరమో తెలియాలంటే మహారాష్ట్రలోని కిల్లారి గుర్తు చేసుకోవాలి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వచ్చిన ఆ భూకంపం పరిమాణం 6.2. కిల్లారి కూడా హైదరాబాద్‌కు రెండొందల కిలోమీటర్ల పైచిలుకే, ములుగు ఎంతో అదీ అంతే. అంకెల్లో తేడా 0.9, శక్తిలో ఇరవై రెండు రెట్లు. కానీ అసలు తేడా లోతులో ఉంది. ములుగుది నలభై కిలోమీటర్ల లోతు. సరిగ్గా దాని నెత్తిన నిలబడ్డవాడు కూడా నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టే. కిల్లారిది పది కిలోమీటర్లకు అటూ ఇటూ. పైన మట్టితో పేర్చిన బండరాళ్ల గోడలు, వాటి మీద టన్నుల కొద్దీ మట్టి కప్పులు, లోపల నిద్రలో ఉన్న జనం. అక్కడ తీవ్రత ఎనిమిదో మెట్టు, పోయిన ప్రాణాలు పదివేలకు దగ్గర. అదే భూకంపం హైదరాబాద్‌లో ఎవరినీ చంపలేదు, మంచాలు కదిపి నిద్ర లేపింది. రెండు చోట్లా పరిమాణం 6.2 ఒక్కటే.

ఇంత చెప్పాక ఒక బిల్డరు గారి రంగుల కాగితం చూపించకుండా ఉండలేను. "రిక్టర్ స్కేలుపై 8ని తట్టుకునే టవర్లు" అని అందులో ఉంది. ఎక్కడి ఎనిమిదండీ? సుమత్రా దగ్గర వచ్చే ఎనిమిదినైతే మా వీధి చివర ఇడ్లీ బండి కూడా తట్టుకుంటుంది. టవరు పునాది కింద పది కిలోమీటర్లలో వచ్చేదైతే ఆ మాట అనే ధైర్యం ఏ ఇంజినీరుకూ లేదు. ఇంజినీరు లెక్క వేసేది పరిమాణానికి కాదు, ఆ స్థలంలో నేల ఎంత గట్టిగా ఊగవచ్చన్నదానికి. ఐ.ఎస్. 1893 ప్రమాణం 2016 ప్రతిలో హైదరాబాద్ రెండో జోను, గుణకం 0.10. విజయవాడ మూడో జోను, 0.16. కొనబోయేవాళ్లు అడగాల్సింది: మీ డిజైను ఏ జోనుకు, ఏ గుణకానికి, కింద మట్టి పరీక్ష రిపోర్టు ఏది? "8"కి సమాధానం చెప్పిన వాళ్ల సేల్స్ కుర్రాడు ఈ మూడో ప్రశ్నకు మంచినీళ్లు తెప్పించాడు.

డెస్కులో కూర్చునే మిత్రులకు చివరగా ఒక మనవి. ఈసారి నేల కదిలినప్పుడు ఇలా రాయండి: "ములుగు అడవుల్లో 40 కిలోమీటర్ల లోతున భూకంపం, పరిమాణం 5.3. హైదరాబాద్‌లో తీవ్రత మూడు." స్క్రోలింగులో సరిపోతుంది, నేను పెట్టి చూశాను.