పంచదార తీసేసిన నురగ

మాదాపూర్ కేఫ్ వాళ్ళ ఆ బోర్డు మీరూ చూసే ఉంటారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనే నాలుగుసార్లు తిరిగింది. 'జీరో షుగర్ దల్గోనా', రూ.380, పన్నులు అదనం. కింద చిన్నక్షరాల్లో 'చేత్తో 400 సార్లు చిలికినది'. ఎవరు లెక్కపెట్టారో, మధ్యలో ఫోనొస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టారో రాయలేదు.

లెక్క సంగతి వదిలేద్దాం. నా కడుపుమంటంతా ఆ 'జీరో షుగర్' మీద. దల్గోనా అంటేనే పంచదార కదండీ! కొరియాలో పంచదార కరిగించి, చిటికెడు వంటసోడా వేసి పొంగించే పిల్లల మిఠాయి పేరది. 2020 జనవరిలో జంగ్ ఇల్‌-వూ అనే కొరియా నటుడు టీవీ కార్యక్రమం కోసం మకావు వెళ్ళి, ఓ కొట్లో గిలక్కొట్టిన కాఫీ తాగి, ఆ మిఠాయిలా ఉందన్నాడు. పేరలా అంటుకుంది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, ప్రపంచమంతా గిన్నె, చెంచా పట్టుకుని కూర్చుంది. అందులోంచి ఇప్పుడు పంచదార తీసేశారు. ఇది ఉప్పు వెయ్యని ఆవకాయ లాంటిది. రుచి మాట దేవుడెరుగు, నిలవుండదు.

నిలవుండదనేది ఊరికే అన్న మాట కాదు. పంచదార ఇక్కడ తీపికోసం మాత్రమే లేదు. చెంచాతో గిలక్కొడితే గాలి బుడగలుగా లోపలికి దిగుతుంది. ఉత్త నీళ్ళలో ఆ బుడగ పుట్టీ పుట్టగానే పగులుతుంది. కాఫీ పొడిలో మాత్రం ప్రోటీన్ ముక్కలు, గింజ వేగినప్పుడు పుట్టిన గోధుమరంగు పెద్ద అణువులు ఉంటాయి. వాటికి ఒక వైపు నీళ్ళంటే ఇష్టం, ఇంకో వైపు గాలంటే. అవి వెళ్ళి బుడగ చుట్టూ తోలులా అల్లుకుంటాయి. అంటే నురగ పుట్టించేది కాఫీయే, పంచదార కాదు. ఆ ఒక్క ముక్క ఎక్కడో చదివి మన కేఫ్ వాళ్ళు ఎగిరి గంతేసినట్టున్నారు.

పుట్టించడం వేరు, నిలబెట్టడం వేరు. బుడగకీ బుడగకీ మధ్య ఉన్న నీళ్ళు ఊరుకోవు, కిందికి జారుతూనే ఉంటాయి. జారినకొద్దీ బుడగల మధ్య గోడ పలచబడి రెండు బుడగలు ఒకటైపోతాయి. పంచదార ఆ నీళ్ళని పాకం చేస్తుంది. పాకం నీళ్ళంత తొందరగా జారదు. ఆ నెమ్మదితనమే మీ ఫొటోలో కనిపించే ఆ శిఖరం.

నమ్మకపోతే నాలాగే ఒక ఆదివారం పాడుచేసుకోండి. కొండాపూర్‌లో మా వంటింటి గట్టు మీద మూడు గిన్నెలు పెట్టాను. మొదటి దాంట్లో ఇన్‌స్టంట్ కాఫీ, పంచదార, వేణ్ణీళ్ళు తలా రెండు పెద్ద చెంచాలు. కరెంటు బీటర్ పెడితే మూడు నాలుగు నిమిషాల్లో నల్లటి ద్రావకం లేత గోధుమరంగుకి తిరిగింది. రంగేమీ పోలేదు, లెక్కలేనన్ని సన్నటి బుడగలు వెలుతురుని చెదరగొట్టడంతో తెల్లబడినట్టు కనిపిస్తుంది. బీటర్ పైకి ఎత్తితే కొన నిలబడింది. అదే గుర్తు. గంట తర్వాత చూసినా గిన్నె అడుగున కాస్త చెమ్మ, అంతే.

రెండో గిన్నెలో పంచదార లేదు. నురగ వచ్చింది, అబద్ధమెందుకు. బట్టలు నానబెట్టిన బకెట్‌లో వచ్చేలాంటి నురగ. బుడగలు పెద్దవి, కొన నిలబడదు. ఫోన్ తెచ్చి ఫొటో తీద్దామనుకునేలోపు అడుగున నల్లటి మడుగు కట్టింది.

మూడోది మా ఇంట్లో ఫిల్టర్ కాఫీ భక్తుల కోసం. చిక్కటి డికాక్షన్, రెండు చెంచాల పంచదార. బీటర్ వేడెక్కింది తప్ప డికాక్షన్ కదల్లేదు. పైన నాలుగు బుడగలు తేలి సెలవు తీసుకున్నాయి. ఫ్యాక్టరీలో ఇన్‌స్టంట్ కాఫీ తీసేటప్పుడు వేణ్ణీళ్ళని ఒత్తిడి మీద, మరిగే వేడిని బాగా మించి పంపిస్తారు. ఇంటి ఫిల్టర్‌లో దిగని పిండి పదార్థాలు కూడా అలా దిగుతాయి. తర్వాత నీళ్ళు తీసేసి పొడి చేస్తారు. నూనె చాలావరకు పిప్పిలోనే ఉండిపోతుంది. రెండు చెంచాల నీళ్ళలో రెండు చెంచాల పొడి కలిస్తే వచ్చే చిక్కదనం ఏ డికాక్షన్‌కీ రాదు. పైగా నూనె నురగకి శత్రువు. కొబ్బరి పచ్చడి చేసిన మిక్సీ జార్‌లో కాఫీ చిలికి, నాకు రావట్లేదని ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు.

మరి ఆ కేఫ్‌లో పంచదార లేకుండా కొన ఎలా నిలబడింది? వెళ్ళి అడిగాను. కౌంటర్ దగ్గరి కుర్రాడు అటూ ఇటూ చూసి, "విప్పింగ్ క్రీమ్ కలుపుతాం సార్" అన్నాడు. క్రీమ్‌ని చల్లగా చిలికితే అందులోని కొవ్వు బుడగల చుట్టూ గోడ కడుతుంది. అది ఇంకో రకం నురగ, కేకుల మీద పూసేది. అంటే పంచదార మానేయాలని వచ్చిన మనిషికి వెన్న తినిపించి, ఆరోగ్యం పేరు చెప్పి రూ.380 లాగుతున్నారన్నమాట.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఇకపై నవ్వు రావట్లేదు.

మా అమ్మ ఇదే కాఫీ ముప్పయ్యేళ్ళ కిందట చేసేది. బంధువులొస్తే స్టీలు గ్లాసులో బ్రూ పొడి, పంచదార వేసి, చెంచాతో నీళ్ళు చుక్క చుక్కగా పోస్తూ, చెయ్యి నొప్పి పుట్టేదాకా గిలక్కొట్టేది. అప్పుడు దానికి పేరు లేదు. ఇన్‌స్టంట్ అంటే చులకన. గింజల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మన సైబరాబాద్ మేధావులు ఆ పొడిని చూసి ముక్కు మూసుకునేవారు. దేశదేశాలకి ఎగుమతయ్యే ఇన్‌స్టంట్ కాఫీ 1990ల నుంచీ గుంటూరు జిల్లా దుగ్గిరాలలో, పసుపు యార్డు ఉన్న ఊళ్ళోనే తయారవుతోందన్నా వీళ్ళకి చెవికెక్కదు. కొరియా పేరు పెట్టాకే నోరూరింది. ఊరనీ, ఎవరి నోరు వాళ్ళిష్టం.

కానీ మొన్న మా ఆఫీసు గేటు దగ్గర చూసింది మాత్రం మింగుడుపడట్లేదు. రాయదుర్గంలో మా ఎనిమిదో అంతస్తు నుంచి ఎవరో మహానుభావుడు మాదాపూర్ నుంచి ఈ నురగని తెప్పించుకున్నాడు. మే నెల, మధ్యాహ్నం రెండు. మెట్రో స్తంభాల కింద ప్రతి గుంతలోనూ పడి లేచి వచ్చిన గ్లాసులో నురగ కుంగిపోదా? చల్లగా ఉంటేనే నిలిచే క్రీమ్ ఆ ఎండకి కరగదా? కింద ఏసీలో నిలబడి గ్లాసుని వెలుతురుకి పట్టి చూశాడు. ఫొటో తీశాడు. దాన్ని తెచ్చిన డెలివరీ కుర్రాడి ఎదుటే ఒక్క నక్షత్రం నొక్కాడు. తయారుచేసినవాడికి కాదు, మోసుకొచ్చినవాడికి. నీళ్ళు కిందికి జారినందుకు, కొవ్వు ఎండకి కరిగినందుకు, సొంత పెట్రోలు పోసుకుని వచ్చిన పాతికేళ్ళ కుర్రాడి రేటింగ్‌లో కోత. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఈ కారిడార్‌లో నేను చూడలేదు. చూశాను గానీ, అవన్నీ అప్రైజల్ సీజన్‌లో.

ఆయన లిఫ్ట్ ఎక్కేశాక ఆ కుర్రాడు హెల్మెట్ తీసి, సెక్యూరిటీ ఆయన ఇచ్చిన సీసాలో నీళ్ళు తాగాడు. తర్వాత నన్నే అడిగాడు.

"అన్నా, అది పాలల్ల కలుపుకోనే తాగాల్నంట గద?"

అవునన్నాను.

"మరి కలిపినంక నురగ ఉంటదా?"