"ముందు సంతకం పెట్టెయ్" అనేవాళ్ల మాట వినకండి

2025 జనవరి 30, గురువారం రాత్రి మా అక్క కూతురు కొండాపూర్ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "పిన్నీ, ఆఫర్ వచ్చింది" అంది. గొంతులో సంతోషం కంటే కంగారే ఎక్కువ వినిపించింది. లెటర్లో జాయినింగ్ డేట్ మార్చి 3 అని ఉంది. ఇప్పుడు చేస్తున్న కంపెనీలో నోటీస్ పీరియడ్ 90 రోజులు. రాజీనామా ఇంకా పెట్టనే లేదు. లెటర్ మీద సోమవారం, ఫిబ్రవరి 3లోగా సంతకం చేయాలి.

రూమ్మేట్ అప్పటికే సలహా చెప్పేసిందట. "ముందు సంతకం పెట్టెయ్. రిజైన్ చేసెయ్. ఫిబ్రవరి చివర్లో ఇంకా రిలీవ్ చేయలేదని చెప్తే వాళ్లే డేట్ పొడిగిస్తారు."

నేను పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో రిక్రూట్‌మెంట్ పని చేస్తున్నాను. నోటీస్ పీరియడ్ గురించి పిల్లలు ఒకరికొకరు చెప్పుకునే చిట్కాల్లో ఎక్కువ నష్టం చేసింది ఇదే. దీన్ని నమ్మి రెండు ఉద్యోగాలూ పోగొట్టుకున్నవాళ్లను నా ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాను. అందుకే వివరంగా చెబుతున్నాను.

ఆఫర్ లెటర్ చివరి పేజీకి వెళ్లి చదవండి. ఫలానా తేదీకి చేరకపోతే ఈ ఆఫర్ రద్దయినట్టే అనే అర్థంలో ఒక వాక్యం చాలా లెటర్లలో ఉంటుంది. మార్చి 3 అని ఉన్న కాగితం మీద సంతకం పెడితే, ఆ వాక్యానికి కూడా ఒప్పుకున్నట్టే. పొడిగించాలో వద్దో ఆ తర్వాత పూర్తిగా వాళ్ల ఇష్టం. మీరేమో రాజీనామా పెట్టేసి ఉంటారు, వెనక్కి వెళ్లే దారి ఉండదు. అవతల టీమ్ లీడ్ మార్చి 3 నుంచి మీరు ఉంటారని క్లయింటుకి చెప్పుకుని ఉంటాడు. ఫిబ్రవరి చివర్లో వెళ్లే మెయిల్ ఆయనకు మాట తప్పినట్టు కనిపిస్తుంది. అదే విషయం ఆఫర్ వచ్చిన రాత్రే రాస్తే, అది మామూలు సవరణ అవుతుంది. ఇంటర్వ్యూలన్నీ అయ్యాయి, జీతం ఖాయమైంది, మిమ్మల్ని కావాలనుకుని ఎంచుకున్నారు. మీ మాటకు అంత విలువ ఉండే రోజులు ఆ రెండు మూడే.

అయితే అసలు మార్చి 3 అని ఎందుకు వచ్చిందో అడిగాను. కాసేపు నసిగి చెప్పింది. జాబ్ పోర్టల్ ప్రొఫైల్లో నోటీస్ పీరియడ్ దగ్గర "ఒక నెల" అని పెట్టిందట. మూడు నెలలని పెడితే కాల్స్ రావని ఎవరో చెప్పారు. హెచ్‌ఆర్ ఫోన్‌లో అడిగినప్పుడు "నెగోషియబుల్" అంది. ఆ మాట విని హెచ్‌ఆర్ ముప్పై రోజులు లెక్కేసుకుని తేదీ వేసింది. తప్పు వాళ్లది కాదు.

కాల్స్ రావన్నది నిజమే, మూడు నెలలవాళ్లను పక్కన పెట్టే రిక్రూటర్లు చాలామందే ఉన్నారు. కానీ దాచినది ఆఫర్ రోజున బయటపడక తప్పదు. అప్పుడు కప్పిపుచ్చడానికి "ఇంట్లో పెళ్లి ఉందని రాయి", "అమ్మకు ఆపరేషన్ అని రాయి" అంటూ ఇంకో చిట్కా వస్తుంది. పెళ్లికి పది రోజులిస్తారు, ఆపరేషన్‌కి రెండు వారాలు. మీకు కావలసింది పది వారాలు. ఆ కారణంతో అంత గడువు రాదు. పైగా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీ రాజీనామా తేదీ, చివరి పనిదినం రెండూ కనిపిస్తాయి. అపాయింట్‌మెంట్ లెటర్లో ఉన్న 90 రోజుల షరతే మీ దగ్గరున్న అన్నిటికంటే బలమైన కారణం. అది ప్రతి హెచ్‌ఆర్‌కీ అర్థమవుతుంది, కాగితం మీద చూపించవచ్చు కూడా.

ఇక లెక్క. "మూడు నెలలే కదా, ఏప్రిల్ చివరికి అయిపోతుంది" అంది మా పిల్ల. వేళ్ల మీద లెక్కపెట్టకు, క్యాలెండర్ తియ్యమన్నాను. ఫిబ్రవరి 3న రాజీనామా చేస్తే, మర్నాటి నుంచి లెక్కపెడితే ఫిబ్రవరిలో 25 రోజులు, మార్చితో 56, ఏప్రిల్‌తో 86, మిగతా నాలుగూ మేలో. అంటే తొంభయ్యో రోజు మే 4, ఆదివారం. కొన్ని కంపెనీలు రాజీనామా చేసిన రోజునే మొదటి రోజుగా తీసుకుంటాయి, కొన్ని మేనేజర్ పోర్టల్‌లో ఆమోదించాకే లెక్క మొదలుపెడతాయి. నోటీస్‌లో సెలవు పెడితే అన్ని రోజులూ పొడిగించే కంపెనీలు కూడా చాలా ఉన్నాయి. తనకు మార్చిలో బాబాయి కూతురి పెళ్లి ఉంది, రెండు రోజులైనా సెలవు తప్పదు. రిలీవింగ్ లెటర్ చేతికి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఇవన్నీ కలిపి మే 12, సోమవారం అడగమన్నాను. ఈ వారం రోజుల వెసులుబాటు లేకుండా సరిగ్గా మే 5 అని అడిగితే, ఒక్క రోజు తేడా వచ్చినా మళ్లీ ఇంకో మెయిల్ రాసుకోవాలి. రెండోసారి అడిగితే వినడం కష్టం.

మెయిల్ ఇంగ్లీషులోనే రాసింది. అందులో ఉన్నది తెలుగులో చెబితే ఇదీ:

"ఆఫర్ పంపినందుకు కృతజ్ఞతలు. ఈ ఉద్యోగంలో చేరాలని నిర్ణయించుకున్నాను. లెటర్లో ఒక్క సవరణ కోరుతున్నాను. జాయినింగ్ డేట్ మార్చి 3 అని ఉంది. నా ప్రస్తుత అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం నోటీస్ 90 రోజులు, ఆ పేజీ జత చేశాను. ప్రొఫైల్లో ఒక నెల అని ఉండటం నా పొరపాటు, క్షమించండి. ఫిబ్రవరి 3న రాజీనామా చేస్తే నోటీస్ మే 4తో ముగుస్తుంది. అందువల్ల జాయినింగ్ డేట్‌ని మే 12కి మార్చమని కోరుతున్నాను. ముందుగా రిలీవ్ చేయమని మా మేనేజర్‌ని అడిగి, ఆయన ఏమన్నారో ఫిబ్రవరి 14లోగా మీకు తెలియజేస్తాను. సవరించిన లెటర్ అందాక సంతకం చేసి, మర్నాడే రాజీనామా పెడతాను."

ఇందులో చివరి వాక్యం ముఖ్యం. లెటర్ మారేదాకా తాను రాజీనామా చేయనని అది మర్యాదగానే చెబుతుంది. రాజీనామా తేదీ మొదలు జాయినింగ్ తేదీ వరకు అన్నీ అంకెల్లో ఉన్నాయి కాబట్టి, హెచ్‌ఆర్ ఆ మెయిల్‌ని అలాగే పై మేనేజర్‌కి పంపగలదు. "కొంచెం టైమ్ కావాలి" అని రాస్తే ఆమె దాన్ని ఎవరికి పంపాలి, ఏమని చెప్పాలి?

శుక్రవారం మధ్యాహ్నం హెచ్‌ఆర్ ఫోన్ చేసింది. మే 12 దాకా టీమ్ ఆగదట, ఏప్రిల్ 21కి రాగలవా అని అడిగింది. మా పిల్ల సరేననబోయి ఆగి, అరగంటలో చెబుతానని నాకు ఫోన్ చేసింది. ఇక్కడే మూడో చిట్కా ఎదురవుతుంది. "ఎర్లీ రిలీజ్ తెచ్చుకుంటానని మాటిచ్చెయ్. కాకపోతే బయౌట్ చేసుకుంటానని చెప్పు." ఎర్లీ రిలీజ్ మన చేతిలో ఉండదు. బయౌట్ కూడా అంతే. తన అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవమన్నాను. మిగిలిన రోజులకు డబ్బు కట్టి వెళ్లడానికి కంపెనీ అంగీకారం ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. అంటే డబ్బు సిద్ధంగా ఉన్నా వాళ్లు వద్దనవచ్చు. కట్టాల్సింది బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది కూడా అక్కడే ఉంటుంది. తన గ్రాస్ నెలకు 60,000, బేసిక్ 24,000. రెండు వారాలు తగ్గించుకోవాలంటే ఒక లెక్కలో 11,200, ఇంకో లెక్కలో 28,000. కొత్త కంపెనీ ఆ డబ్బు తిరిగి ఇస్తానన్నా, అది చేరాక జీతంతో కలిపి వస్తుంది, మామూలుగా దాని మీద ఆదాయపు పన్ను కూడా పడుతుంది. అంతవరకూ జేబులోంచే పెట్టుకోవాలి.

కాబట్టి తను ఫోన్ చేసి ఇలా చెప్పింది. "ఏప్రిల్ 18కల్లా వదిలితే 21న తప్పకుండా వస్తాను. వాళ్లు వదులుతారని మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను. లెటర్లో మే 12 ఉంచండి, ముందే రిలీవ్ అయితే ముందే చేరతాను." హెచ్‌ఆర్ కాసేపాగి, "సరే, చూస్తాలే, కంగారు పడకు" అంది.

ఆ మాటతో రూమ్మేట్ మళ్లీ మొదలుపెట్టింది. ఫోన్‌లో ఒప్పుకున్నారు కదా, ఇంకెందుకు ఆగడం అని. మా కంపెనీలోనే కొన్నేళ్ల కిందట ఒకబ్బాయి ఇలాగే ఫోన్‌లో విన్న "సరే"ని నమ్మి రాజీనామా చేశాడు. సరేనన్న రిక్రూటర్ రెండు వారాల్లో మానేసింది. ఫైల్లో పాత తేదీయే ఉంది. ఆ కుర్రాడు నిజమే చెబుతున్నాడని నాకు తెలుసు, కానీ చూపించడానికి ఒక్క లైను మెయిల్ లేదు. ఆ ఆఫర్‌ని నేను కాపాడలేకపోయాను. ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

అందుకే మా పిల్లతో ఫోన్ పెట్టేసిన వెంటనే రెండు లైన్ల మెయిల్ రాయించాను: "ఇప్పుడే మాట్లాడుకున్నట్టు, జాయినింగ్ డేట్ మే 12తో సవరించిన లెటర్ కోసం ఎదురుచూస్తున్నాను. సంతకానికి గడువు సోమవారంతో ముగుస్తుంది కాబట్టి, ఆలస్యమైతే ఆ గడువు కూడా పొడిగించమని మనవి." ఈ రెండో వాక్యాన్ని చాలామంది మరిచిపోతారు. తేదీ గురించి మాటలు నడుస్తుండగానే ఆఫర్ గడువు దాటిపోతుంది.

ఒకవేళ వాళ్లు కుదరదని చెప్పి ఉంటే? అప్పుడు ఆ ఆఫర్ పోయేది. కొన్ని ప్రాజెక్టులు నిజంగానే ఆగవు. కానీ తన ఉద్యోగం తనకుండేది. అలాంటప్పుడు వినిపించే ఆఖరి చిట్కా, చెప్పకుండా మానేసి కొత్తదాంట్లో చేరిపొమ్మని. దాని జోలికి పోకండి. రిలీవింగ్ లెటర్ రాదు. పాత కంపెనీ మీ పీఎఫ్ ఖాతాలో చివరి తేదీ ఎప్పుడు వేస్తుందో మీ చేతిలో ఉండదు. ఒకే యూఏఎన్ కింద రెండు ఉద్యోగాల తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే, 2025 మే వరకు పీఎఫ్ బదిలీ అడిగినప్పుడు చాలాసార్లు అక్కడే ఆగిపోయేది. ఆ పైన వచ్చే కంపెనీ వెరిఫికేషన్‌లోనూ దానికి సంజాయిషీ అడుగుతారు.

సవరించిన లెటర్ సోమవారం సాయంత్రం ఆరున్నరకి వచ్చింది. మొదటి పేజీలో తేదీ ఒక్కటే మారిందా, జీతం అంకెలు అలాగే ఉన్నాయా అని రెండు లెటర్లూ పక్కపక్కన పెట్టి చూసుకోమన్నాను. సంతకం చేసి, ఫిబ్రవరి 4న రాజీనామా పెట్టింది. ఒక్క రోజు జరిగినందుకు తొంభయ్యో రోజు మే 5 అయింది, వారం వెసులుబాటు ఉంది కాబట్టి ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని రాలేదు. 14న కొత్త హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టింది, మేనేజర్ ఇంకా ఏమీ తేల్చలేదని. మార్చి నెలాఖరుకి తన పని అందుకునే అమ్మాయి దొరికాక, ఏప్రిల్ 25, శుక్రవారం వదలడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు మెయిల్లో వచ్చాకే కొత్త కంపెనీకి రాసింది. 28న చేరమని గంటలో జవాబు వచ్చింది.